కింద ఒక్కరూ లేకుండా టీమ్ లీడ్ పోస్టుకి: రెజ్యూమేలో ఏది మారాలి, ఏది మారకూడదు

బెంగళూరులో అకౌంట్స్ పేయబుల్‌లో, అంటే కంపెనీ కొన్నవాటి బిల్లులు సరిచూసి చెల్లించే విభాగంలో పనిచేసే మనవాళ్లు చాలామంది ఉన్నారు. హిందూపురం, అనంతపురం, మదనపల్లె, కడప వైపు నుంచి బీకాం చదివి వస్తారు. మాన్యతా టెక్ పార్కులోనో, వైట్‌ఫీల్డ్‌లోనో, అవుటర్ రింగ్ రోడ్డు మీదో ఏదో ఒక కంపెనీ షేర్డ్ సర్వీస్ సెంటర్‌లో అనలిస్ట్‌గా చేరతారు. పని వచ్చినవాళ్లు కొన్నేళ్లకు సీనియర్ అనలిస్ట్ అవుతారు. ఆ పై మెట్టు టీమ్ లీడ్, అంటే టీఎల్. సొంత కంపెనీలో ఖాళీ రాదు, బయట అప్లై చేద్దామంటే ప్రతి ప్రకటనలోనూ ఒకే షరతు కనిపిస్తుంది: టీమ్ హ్యాండ్లింగ్‌లో కనీసం రెండేళ్ల అనుభవం. ఇంతవరకూ టీమ్ లీడ్ కాని మనిషికి ఆ అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇలాంటి పోస్టులకు ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చునే మనిషిగా చెప్తున్నాను. ఈ షరతు ఎందుకు పెడతారో తెలిస్తే దాన్ని ఎలా ఎదుర్కోవాలో కూడా తెలుస్తుంది. బయటి నుంచి టీమ్ లీడ్‌ని తీసుకుంటున్నారంటే సాధారణంగా ఉన్న మనిషి రాజీనామా చేశాడని అర్థం. పది, పన్నెండు మంది టీమ్‌కి పెద్ద లేదు. మేనేజర్ తన పనితో పాటు ఆ పనీ చూసుకుంటున్నాడు. నెలాఖరు దగ్గరికొస్తోంది. అతని భయాలు మూడే. కొత్తగా వచ్చినవాళ్లు తమ సీట్లో కూర్చుని తామే ఇన్వాయిస్‌లు పోస్ట్ చేసుకుంటూ పోతారేమో, మిగతా క్యూ ఏమైందో చూడరేమో. క్లయింట్ కాల్‌లో గట్టిగా అడిగితే తడబడతారేమో. టీమ్‌లో ఒకరు పని సరిగా చేయకపోతే ఆ మాట వాళ్ల ముఖం మీద చెప్పలేరేమో. ఈ మూడు భయాలనూ ఒక్క ముక్కలో చెప్పడానికి ‘టీమ్ హ్యాండ్లింగ్ అనుభవం’ అని రాస్తారు. ఈ మూడింటికీ మీ దగ్గర రుజువు ఉంటే, రెండేళ్లన్న షరతును చాలామంది మేనేజర్లు సడలిస్తారు. అందరూ సడలించరు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

కాబట్టి రెజ్యూమే దిద్దడమంటే మాటలకు మెరుగు పెట్టడం కాదు. పైమెట్టులో తీసుకునే నిర్ణయాల్లో కొన్ని మీరు ఇప్పటికే తీసుకుని ఉంటారు. వాటిని వెతికి బయటికి తీయడమే అసలు పని.

రెండు మెట్లకూ తేడా ఎక్కడుంది?

సీనియర్ అనలిస్ట్ రోజంతా తన క్యూ చుట్టూ తిరుగుతుంది. వచ్చిన ఇన్వాయిస్‌ని పర్చేజ్ ఆర్డర్‌తోనూ, సరుకు అందినట్టు స్టోర్స్‌వాళ్లు వేసే జీఆర్ఎన్‌తోనూ సరిపోల్చాలి. ఇదే త్రీ-వే మ్యాచ్. సరిపోతే పోస్ట్ చేయాలి, సరిపోకపోతే బ్లాక్ అవుతుంది, అప్పుడు సంబంధిత మనిషిని వెంటపడి అడగాలి. ఎంత వేగంగా, ఎన్ని తప్పుల్లేకుండా చేశారన్నదే కొలత.

టీమ్ లీడ్ పొద్దున్నే సిస్టమ్ తెరిచి చూసేది తన క్యూ కాదు, అందరిదీ. ఈరోజు ఎవరు రాలేదు, రేపటి పేమెంట్ రన్‌లో ఏవి వెళ్లాలి, ఏది ఆపితే నష్టం లేదు అని చూడాలి. మనుషులు తక్కువ, పని ఎక్కువ ఉన్నప్పుడు దేన్ని వెనక్కి నెట్టాలో తేల్చి, ఆ మాట క్లయింట్‌కి ముందుగా చెప్పాలి. ఒకే తప్పు మళ్లీ మళ్లీ వస్తుంటే దాని మూలం ఎక్కడుందో చూడాలి. ఇందులో వేగం, యాక్యురసీ పెద్దగా కనిపించవు. ఒకటి వదులుకుని ఇంకొకటి కాపాడటం ఎక్కువ కనిపిస్తుంది.

సరిగ్గా ఇక్కడే చాలా రెజ్యూమేలు తప్పుతాయి. పైమెట్టుకి వెళ్లాలని, ఉన్న మెట్టులో తాము ఎంత గొప్పో ఇంకా గట్టిగా రాస్తారు.

ఒక రెజ్యూమే దగ్గరగా చూద్దాం

మా హిందూపురం వైపు అమ్మాయి ఒకరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఒక సెంటర్‌లో పనిచేస్తోంది. అనుభవం ఐదున్నరేళ్లు, అందులో రెండున్నరేళ్లు సీనియర్ అనలిస్ట్‌గా. టీమ్ లీడ్ పోస్టులకు పంపితే ఎక్కడి నుంచీ కబురు రావట్లేదని రెజ్యూమే నాకు చూపించింది. తన వివరాలు బయటపడకుండా అంకెలు కొంచెం మార్చి ఇక్కడ చెప్తున్నాను. రెజ్యూమే ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటుంది, చదువుకోవడానికి వీలుగా వాటి సారం తెలుగులో ఇస్తున్నాను.

మొదటి పేజీలో ఉన్నవి ఇవి: రోజుకు 90 ఇన్వాయిస్‌లు ప్రాసెస్ చేస్తాను. యాక్యురసీ 99.4 శాతం. వెండర్ల ప్రశ్నలకు 24 గంటల్లో జవాబు ఇస్తాను. ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్‌లో MIRO, FB60, FBL1N అనే ట్రాన్సాక్షన్ కోడ్‌ల మీద మంచి పట్టు ఉంది. కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చాను. రెండుసార్లు స్టార్ పెర్‌ఫార్మర్ అవార్డు వచ్చింది.

అన్నీ నిజాలే. కానీ ఇది చదివిన మేనేజర్‌కి ఏమనిపిస్తుంది? మంచి సీనియర్ అనలిస్ట్ అనిపిస్తుంది. రోజుకు 90 చేసే మనిషిని ఆ సీటు నుంచి లేపడం ఎందుకని కూడా అనిపిస్తుంది. అతని మూడు భయాల్లో ఒక్కదానికీ ఇక్కడ జవాబు లేదు. ‘ట్రైనింగ్ ఇచ్చాను’ అన్న ఒక్క ముక్క దగ్గరికి వచ్చింది గానీ ఎవరికి, ఏమిటి, ఫలితం ఏమిటన్నది అందులో లేదు.

‘నువ్వు లీడర్‌షిప్ ఎక్కడ చూపించావు’ అని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు, ఆ ప్రశ్న అంత గాలిలో ఉంటుంది. అందుకే ఇలా అడిగాను.

“మీ టీఎల్ లీవులో ఉంటే క్లయింట్ డైలీ కాల్‌లో ఎవరు కూర్చుంటారు?”

“నేనే అన్నా. మొన్న వాళ్ల చెల్లెలి పెళ్లికని మూడు వారాలు వెళ్లారు. అప్పుడంతా నేనే. పొద్దున అలొకేషన్ మెయిల్ కూడా నేనే పెట్టేదాన్ని.”

“మధ్యలో మంత్-ఎండ్ వచ్చిందా?”

“వచ్చింది. చాలా టెన్షన్ పడ్డాం.”

“మరి ఇది రెజ్యూమేలో ఎందుకు రాయలేదమ్మా?”

“అది నా పని కాదు కదన్నా. ఆయన లేరని ఆయన పని చేశానంతే.”

పైమెట్టుకి సిద్ధంగా ఉన్నవాళ్లలో చాలామంది ఇలాగే అనుకుంటారు. తమ జాబ్ డిస్క్రిప్షన్‌లో ఉన్నవే రెజ్యూమేలో రాయాలని, మిగతావి సాయం కింద లెక్క అని. కానీ టీమ్ లీడ్ పోస్టుకి పనికొచ్చేవి సరిగ్గా ఆ ‘నా పని కానివే’. వాటిని వెతకడానికి ఇలాంటి చిన్న ప్రశ్నలే దారి. సమస్య వస్తే టీమ్‌లోవాళ్లు ముందు ఎవరి సీటు దగ్గరికి వస్తారు? టీఎల్ ఏ రిపోర్టు తను చేయకుండా మీ చేత చేయిస్తాడు? ఎస్కలేషన్ మెయిల్స్‌లో మిమ్మల్ని ఎందుకు కాపీలో పెడతారు? అప్రైజల్ ఫారంలో మేనేజర్ రాసిన కామెంట్ ఏమిటి? పంపిన మెయిల్స్, క్యాలెండర్ ఒకసారి వెనక్కి తిప్పి చూస్తే మరిచిపోయినవి చాలా గుర్తుకొస్తాయి.

ఇక్కడో జాగ్రత్త తప్పనిసరి. ఆ మెయిల్స్‌నీ, ట్రాకర్లనీ రుజువు కోసమని సొంత జీమెయిల్‌కి పంపుకోకండి. క్లయింట్ డేటా బయటికి పోయినట్టు లెక్కవుతుంది, ఉద్యోగాలు పోయిన సందర్భాలున్నాయి. చూసి, ఏం జరిగిందో మీ మాటల్లో గుర్తుంచుకోండి, చాలు. వెండర్ల పేర్లు, చెల్లింపు మొత్తాలు రెజ్యూమేలోకి రాకూడదు.

మూడు వాక్యాలు ఎలా మారాయంటే

మొదటిది ఆ మూడు వారాల సంగతి. ఆమె మొదట ఇలా రాసుకొచ్చింది: 11 మంది టీమ్‌ను మేనేజ్ చేశాను. ఇది వద్దన్నాను. మేనేజ్ చేశానంటే లీవులు మంజూరు చేశావని, రేటింగ్ ఇచ్చావని అర్థం. ప్యానెల్‌లో మొదటి ప్రశ్నే అది వస్తుంది. ‘లేదు సార్, అది టీఎల్ చేస్తారు’ అని చెప్పిన క్షణం నుంచి మిగతా వాక్యాలన్నీ అనుమానంగానే చదువుతారు.

అందుకే అసలేం జరిగిందో పూర్తిగా చెప్పమన్నాను. నెలాఖరుకు నాలుగు రోజుల ముందు బ్లాక్ అయిన ఇన్వాయిస్‌లు 340 ఉన్నాయి. ఆమె ఆ లిస్టు తీసి ప్లాంటు వారీగా విడగొట్టింది. సగానికి పైగా రెండు ప్లాంట్లవే. ధరలో తేడా కాదు, సరుకు వచ్చినా స్టోర్స్‌వాళ్లు జీఆర్ఎన్ వేయలేదు. జీఆర్ఎన్ లేకపోతే క్వాంటిటీ తేడా కింద బ్లాక్ పడుతుంది, అది తొలగేదాకా పేమెంట్ రన్ ఆ ఇన్వాయిస్‌ని ముట్టుకోదు. పైగా వచ్చిన సరుకు ఆ నెల పుస్తకాల్లోకి ఎక్కదు. అప్పుడామె కొత్త ఇన్వాయిస్‌లు పోస్ట్ చేస్తున్న ఇద్దరిని ఆ పని ఆపించి, రోజున్నర పాటు ఆ రెండు ప్లాంట్ల స్టోర్స్‌తో ఫోన్ల మీద కూర్చోబెట్టింది. దానివల్ల కొత్త ఇన్వాయిస్‌ల క్యూ ఒక రోజు వెనకబడుతుందని క్లయింట్‌కి డైలీ కాల్‌లో ముందే చెప్పి ఒప్పించింది. క్లోజింగ్ నాటికి 340 కాస్తా 120కి దిగింది.

టీమ్ లీడ్ పనంటే ఇదే. కారణం కనుక్కుంది, మనుషుల్ని మార్చింది, ఒకటి వదులుకుంది, వదులుకున్న సంగతి దాచకుండా చెప్పింది. ఇంత కథా రెజ్యూమేలో పట్టదు, పట్టాల్సిన అవసరమూ లేదు. చివరికి వాక్యం ఇలా కుదిరింది: “టీమ్ లీడ్ సెలవులో ఉన్న 3 వారాలు, ఒక మంత్-ఎండ్‌తో సహా, 11 మంది టీమ్‌కు రోజువారీ అలొకేషన్, క్లయింట్ డైలీ కాల్ చూశాను. రెండు ప్లాంట్లలో జీఆర్ఎన్ ఆలస్యమే కారణమని గుర్తించి ఇద్దరిని ఆ పనికి మార్చడంతో బ్లాక్ అయిన ఇన్వాయిస్‌లు 340 నుంచి 120కి తగ్గాయి.”

‘సెలవులో ఉన్న 3 వారాలు’ అన్న మాట పెడితే చిన్నగా కనిపిస్తుందేమోనని ఆమె భయపడింది. నా అభిప్రాయం పూర్తిగా వేరు. ఎంతవరకు చేశారో, ఎన్నాళ్లు చేశారో మీరే గీత గీసి చెప్తే, ఆ గీత లోపలున్నదాన్ని ప్యానెల్ నమ్ముతుంది.

రెండోది ట్రైనింగ్. ముగ్గురు కొత్తవాళ్లకు నేర్పింది. ఎలా నేర్పావంటే, మొదటి నెల క్వాలిటీ చెక్‌లో వాళ్లకు పడ్డ తప్పుల్ని ఒకచోట రాసుకున్నానని చెప్పింది. అందులో ఎక్కువ వచ్చిన తప్పు ఇన్వాయిస్ నంబరు టైపు చేయడంలో. కాగితం మీద INV/045 అని ఉంటుంది. ఒకరు అలాగే కొడతారు, ఇంకొకరు గీత తీసేసి INV045 అని కొడతారు. డూప్లికేట్‌ని పట్టుకునే చెక్ వెండర్, తేదీ, మొత్తంతో పాటు ఈ రెఫరెన్స్ నంబరునూ పోల్చి చూస్తుంది. నంబరు ఒక్క అక్షరం తేడాగా ఉన్నా అది వేరే ఇన్వాయిస్ అనుకుని వదిలేస్తుంది. అదే బిల్లు మెయిల్లో ఒకసారి, కొరియర్లో ఒకసారి వస్తే రెండుసార్లు డబ్బు వెళ్లిపోయే ప్రమాదం ఉంది. నంబరు ఎలా కొట్టాలో ఆమె ఒక నియమం రాసి, టీఎల్‌తో ఓకే చేయించి, పని ఎలా చేయాలో రాసి ఉంచే ఎస్ఓపీలో చేర్పించింది. ఆ తర్వాత టీమ్ మొత్తం అదే పాటించింది.

‘కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చాను’ అన్న పాత ముక్క పోయి ఇది వచ్చింది: “ముగ్గురు కొత్త అనలిస్టులకు ట్రైనింగ్ ఇచ్చి 6 వారాల్లో పూర్తి టార్గెట్‌కు చేర్చాను. వాళ్ల తప్పుల్లో కనిపించిన డూప్లికేట్ ప్రమాదం కోసం ఇన్వాయిస్ నంబర్ ఎంట్రీ నియమం రాసి టీమ్ ఎస్ఓపీలో చేర్పించాను.”

ఆ ముగ్గురిలో ఒక అబ్బాయి బాగా వెనకబడ్డాడట. పదిమందిలో కాకుండా పక్కకు పిలిచి, అతని తప్పుల లిస్టు ముందు పెట్టి, రెండు వారాలు రోజూ సాయంత్రం చూసుకుంటూ వచ్చానని చెప్పింది. ఇది రెజ్యూమేలో రాయలేదు, రాయకూడదు కూడా, ఇంకొకరి లోపం అది. కానీ ఇంటర్వ్యూకి ఇంతకన్నా విలువైన సంఘటన లేదు. మేనేజర్ మూడో భయానికి ఇదే జవాబు. పేరు లేకుండా చెప్పడానికి సిద్ధంగా ఉంచుకోమన్నాను.

మూడోది నాకు అన్నిటికన్నా నచ్చింది. 2023 ఫైనాన్స్ చట్టంతో 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోకి 43బి(హెచ్) అనే క్లాజు వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొన్నదానికి గడువులోగా చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపించుకోవడానికి వీల్లేదు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులు, ఉంటే ఒప్పందం ప్రకారమే గానీ 45 రోజులు దాటకూడదు. ఆమె చూసే భారతీయ కంపెనీ పుస్తకాల్లో చాలామంది వెండర్లకు పేమెంట్ టర్మ్ 60 రోజులని ఉంది. సిస్టమ్ ఆ 60 రోజులనే నమ్మి పేమెంట్ రన్‌లో పెడుతుంది. ఎవరు చిన్న సంస్థో, వెండర్ల వివరాలు ఉండే వెండర్ మాస్టర్‌లో గుర్తు లేదు.

ఆమె వెండర్ల నుంచి, సంస్థ సూక్ష్మమో, చిన్నదో, మధ్యతరహాదో చూపే ఉద్యమ్ సర్టిఫికెట్లు తెప్పించి, మధ్యతరహా సంస్థలకు ఈ క్లాజు వర్తించదు కాబట్టి వాటిని పక్కన పెట్టి, మిగిలినవాటి జాబితాను టీఎల్ ద్వారా క్లయింట్ ట్యాక్స్ టీమ్‌కి పంపింది. వాళ్లు ఒప్పుకున్నాక మాస్టర్ డేటా టీమ్ టర్మ్స్ మార్చింది. ఇందులో తను మార్చింది ఒక్కటీ లేదు, ఆమెకు ఆ అధికారం లేదు. సమస్యను ముందు చూసి, అధికారం ఉన్న రెండు టీమ్‌లను కదిలించింది. అది అలాగే రాశాం: “43బి(హెచ్) గడువు దాటే ప్రమాదమున్న వెండర్లను గుర్తించి జాబితా తయారుచేశాను. క్లయింట్ ట్యాక్స్ టీమ్ ఆమోదంతో మాస్టర్ డేటా టీమ్ పేమెంట్ టర్మ్స్ సవరించింది.” రెండో వాక్యంలో ‘నేను’ లేదు. క్రెడిట్ ఎవరిదో వాళ్లకే ఇచ్చాం. అయినా ఆమె స్థాయి కనిపిస్తుంది.

ఈ మూడూ పైకి వచ్చాక, రోజుకు 90 ఇన్వాయిస్‌లు, 99.4 శాతం అన్నవి కలిపి ఒక్క వాక్యంగా నాలుగో చోటికి దిగాయి. తీసేయకూడదు, ఎందుకంటే పని రాని మనిషి టీమ్‌ని నడిపితే టీమ్ గౌరవించదని ప్యానెల్‌కి తెలుసు. ట్రాన్సాక్షన్ కోడ్‌లన్నీ చివర ఒక వరుసలో సర్దుకున్నాయి. డైలీ డ్యూటీల పేరుతో ఉన్న అర పేజీ పూర్తిగా పోయింది.

హోదా జోలికి వెళ్లొద్దు

ఇంత మార్చినా ఒక్కటి మార్చలేదు: డెజిగ్నేషన్. చాలామంది ఇక్కడే జారతారు. ‘చేసేది టీఎల్ పనే కదా, టీమ్ లీడ్ అని రాస్తే ఏమైంది’ అనుకుంటారు. ‘యాక్టింగ్ టీమ్ లీడ్’ అని రాసేవాళ్లూ ఉన్నారు. కంపెనీ ఆ మాట లెటర్‌లో ఇచ్చి ఉంటే రాయండి, లేకపోతే వద్దు. చేరాక కాదు, చాలాచోట్ల చేరకముందే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరుగుతుంది. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్‌లు అడుగుతారు. పాత కంపెనీ హెచ్ఆర్‌ని హోదా, తేదీలు అడుగుతారు. పీఎఫ్ యూఏఎన్‌లో సర్వీస్ హిస్టరీ చూస్తే ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నారో బయటపడుతుంది. హోదా కలవకపోతే రిపోర్టులో తేడా అని వస్తుంది. అప్పటికి ఇక్కడ పేపర్లు వేసేసి ఉంటారు. ఎటూ కాకుండా పోయే పరిస్థితి అది.

కొన్ని కంపెనీల్లో లోపలి హోదా బయటివాళ్లకు అర్థం కాదు, ఎగ్జిక్యూటివ్-2 అంటారు. అప్పుడు అదే రాసి, పక్కన చేసే పని పెట్టొచ్చు: ఎగ్జిక్యూటివ్-2, అకౌంట్స్ పేయబుల్, సీనియర్ అనలిస్ట్ స్థాయి. అది అబద్ధం కాదు, వివరణ.

మరి రిక్రూటర్ వెతికినప్పుడు ఎలా దొరకాలి? నౌకరీలాంటి సైట్లలో రిక్రూటర్లు కీవర్డులు, అనుభవం, ఊరు, నోటీస్ పీరియడ్ పెట్టి వెతుకుతారు. హోదా మార్చకుండానే ఆ మాటలు నిజాయితీగా వస్తాయి. ‘టీమ్ లీడ్ సెలవులో’ అన్న వాక్యంలో టీమ్ లీడ్ అన్న మాట ఉంది. అలొకేషన్, మంత్-ఎండ్, ఎస్ఓపీ, క్లయింట్ డైలీ కాల్ అన్నవి పై మూడు వాక్యాల్లో ఎలాగూ పడతాయి. ఆమె చేయని ‘పీపుల్ మేనేజ్‌మెంట్’, ‘హైరింగ్’ మాత్రం స్కిల్స్ జాబితాలో పెట్టలేదు. పైన సమ్మరీ రెండే వాక్యాలు: ఏం చేస్తున్నానో ఒకటి, టీమ్ లీడ్ బాధ్యతకు చూస్తున్నానని ఒకటి. ఆ రెండోది రాయకపోతే, సీనియర్ అనలిస్ట్ పొరపాటున అప్లై చేసిందనుకుని పక్కన పెట్టేస్తారు.

ఏ పోస్టుకి, ఏది వదిలేయాలి

ఇంత చేసినా అన్ని చోట్లా పని జరగదు. రిక్రూటర్ ఫోన్‌లో మొదటి ప్రశ్న ‘మీ కింద ఎంతమంది రిపోర్ట్ చేస్తారు?’. జవాబు సూటిగా ఉండాలి: డైరెక్ట్ రిపోర్టీలు లేరు, 11 మంది టీమ్‌కి టీఎల్ లేనప్పుడు నేను చూస్తాను, ముగ్గురికి నేర్పించాను. కొందరు అక్కడే థాంక్యూ చెప్పి పెట్టేస్తారు. వాళ్లకు క్లయింట్ పెట్టిన నిబంధన ఉండొచ్చు. అలాంటి చోట సాగదీసి లాభం లేదు.

ఎక్కడ అవకాశం ఎక్కువ? టీమ్ చిన్నదైనచోట, ఐదారుగురు ఉన్నచోట. కొత్తగా ప్రాసెస్ బెంగళూరుకు వస్తున్నచోట, ఎందుకంటే అక్కడ పని లోతుగా తెలిసిన మనిషి కావాలి. ఇరవై మంది ఉండి, ముగ్గురు టీఎల్‌లు మారిన టీమ్‌కి మాత్రం అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటారు, అలా తీసుకోవడం న్యాయమే. ఇంకో మాట గట్టిగా చెప్తాను. మెట్టు మారేటప్పుడు పని మార్చకండి. అకౌంట్స్ పేయబుల్ నుంచి జనరల్ లెడ్జర్ వైపు వెళ్తూ, అదే దెబ్బలో టీమ్ లీడ్ కావాలంటే ప్యానెల్‌కి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. పని తెలుసన్నదే మీకున్న బలం.

ప్రకటనలో బాధ్యతల పేరా తీసుకుని ప్రతి వాక్యానికీ ఎదురుగా మీకు జరిగిన ఒక సంఘటన గుర్తుచేసుకుని చూడండి. అప్రైజల్, హైరింగ్ దగ్గర ఖాళీగా ఉంటే ఫర్వాలేదు, మొదటిసారి పైకి వెళ్లే ఎవరికైనా అవి ఖాళీయే. అలొకేషన్, ఎస్కలేషన్, క్లయింట్‌తో మాట్లాడటం దగ్గర కూడా ఖాళీ అయితే రెజ్యూమే దిద్ది లాభం లేదు. మీ టీఎల్‌ని అడిగి వచ్చే రెండు మంత్-ఎండ్‌లకు అలొకేషన్ మీరు చూసుకోండి, ఆ తర్వాత రాయండి.

రెజ్యూమే మారినా మనిషి ఆలోచన పాత మెట్టులోనే ఉంటే ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకే తెలిసిపోతుంది. నేను తరచూ అడిగేది ఇది: మంత్-ఎండ్‌లో ఇద్దరు ఒకేసారి లీవు అడిగారు, ఇద్దరికీ కారణం నిజమే, ఏం చేస్తారు? ‘వాళ్ల పని కూడా నేనే కూర్చుని చేసేస్తాను సార్’ అన్న జవాబు చాలాసార్లు వస్తుంది. మంచి మనసుతో చెప్పే జవాబే గానీ, అది సీనియర్ అనలిస్ట్ జవాబు. ఆ ఇద్దరి క్యూలో ఏముంది, ఇంకెవరికి ఆ పని వచ్చు, క్లోజింగ్ తర్వాతకి వాయిదా వేయగలిగింది ఏది, మేనేజర్‌కి ఏ రోజుకల్లా చెప్పాలి అని తిరిగి ఆలోచించేవాళ్లు పైమెట్టుకి దగ్గర్లో ఉన్నారు. ఈ అమ్మాయి కూడా మొదట ‘నేనే చేస్తా’ అంది. మంత్-ఎండ్‌లో నిజంగా ఏం చేశావో గుర్తు తెచ్చుకో అన్నాక జవాబు మారింది.

సొంత కంపెనీలో ఇంటర్నల్ పోస్టింగ్ వస్తే దాన్ని వదలకండి. అక్కడ మీ హోదా అందరికీ తెలుసు, రుజువు చూసినవాళ్లే ప్యానెల్లో ఉంటారు. ప్రస్తుత రోల్‌లో ఇంత కాలం ఉండాలి, రేటింగ్ ఇంత ఉండాలి అని షరతులు ఉంటాయి, అవి ముందే చూసుకోవాలి. ఆ రెజ్యూమేలో మీ టీమ్ దాటి వెళ్లిన పనిని, 43బి(హెచ్) లాంటిదాన్ని, మొదట పెట్టాలి.

ఇక ఆఫర్ సంగతి. మెట్టు ఎక్కాలని వెళ్తే చాలాసార్లు కింది మెట్టుకే ఆఫర్ వస్తుంది. ఈ అమ్మాయికీ అలాగే జరిగింది. టీమ్ లీడ్‌కి ఇంటర్వ్యూ చేసి, సీనియర్ అనలిస్ట్ హోదాతో కాస్త జీతం పెంచి ఇస్తామన్నారు, ఆరు నెలల తర్వాత టీఎల్ చేస్తామని ఫోన్‌లో చెప్పారు. మెయిల్లో ఇవ్వమంటే కుదరదన్నారు. ఫోన్‌లో ఇచ్చిన మాటను లెక్కలోకి తీసుకోకుండా, ఉన్న హోదా, ఉన్న జీతం కోసం మాత్రమే అయితే వెళ్తావా అని అడిగాను. వెళ్లనంది, వద్దని చెప్పేసింది.

తర్వాత వచ్చిన ఇంకో ఆఫర్ లెటర్‌లో హోదా టీమ్ లీడ్ అనే ఉంది, కానీ టీమ్ ఎంతమందో రాయలేదు. కొన్నిచోట్ల టీమ్ లీడ్ అంటే పేరుకే, కింద ఎవరూ ఉండరు. సంతకం పెట్టకముందే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టింది: నాకు రిపోర్ట్ చేసేవాళ్లు ఎంతమంది, అప్రైజల్ రేటింగ్ నేనే ఇస్తానా, షిఫ్ట్ ఏది, నా 60 రోజుల నోటీస్ పూర్తయ్యేదాకా ఆగుతారా. రెండో రోజు జవాబు వచ్చింది. ఆరుగురు, రేటింగ్ మేనేజర్‌తో కలిసి, యూకే షిఫ్ట్, 60 రోజులు ఓకే. ఆ మెయిల్ చేతికొచ్చాకే ఇక్కడ పేపర్లు వేసింది.